కక్ష్య, కోణం, గడియారం: ఖగోళ దూరాలకు మూడు కొలమానాలు

సభకు నమస్కారం.

ఖగోళ ప్రమాణం, కాంతి సంవత్సరం, పార్సెక్ అనే మూడు కొలమానాల గురించి ఈ సాయంత్రం మాట్లాడుకుందాం. పాఠ్యపుస్తకాలు వీటిని ఒక పట్టికలో పెట్టి, ఒకదాన్ని మరొకదానిలోకి మార్చే గుణకాలు ఇచ్చి వదిలేస్తాయి. ఆ గుణకాలు నేనూ ముందే చెప్పేస్తాను. ఖగోళ ప్రమాణం అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. కాంతి సంవత్సరం 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే దాదాపు 63,241 ఖగోళ ప్రమాణాలు. పార్సెక్ 30.86 లక్షల కోట్ల కిలోమీటర్లు, అంటే 2,06,265 ఖగోళ ప్రమాణాలు లేదా 3.26 కాంతి సంవత్సరాలు. ఈ పట్టిక చూసినవారికి సహజంగానే ఒక సందేహం వస్తుంది. కాంతి సంవత్సరానికీ పార్సెక్‌కూ మధ్య తేడా మూడు రెట్లే కదా, ఒకటి ఉండగా రెండోది ఎందుకు? మైలు, కిలోమీటరు రెండూ వాడుకలో ఉన్నట్లుగా ఇదీ కేవలం అలవాటేనా?

కాదని నా అభిప్రాయం. ఈ మూడింటి మధ్య అసలు తేడా పరిమాణంలో లేదు, కొలిచిన తీరులో ఉంది. గ్రహాల కక్ష్యలను పోల్చి చూస్తే దూరం ఖగోళ ప్రమాణాలలో వస్తుంది. కోణాన్ని కొలిస్తే పార్సెక్కులలో వస్తుంది. గడియారం పట్టుకుని కాంతి రాకను లెక్కపెడితే కాంతి సంవత్సరాలలోనో కాంతి రోజులలోనో వస్తుంది. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఏ కొలమానాన్ని ఎంచుకుంటున్నాడో చూస్తే, అతని చేతిలో ఉన్న కొలత ఏదో చాలాసార్లు ఊహించవచ్చు.

మొదట ఖగోళ ప్రమాణాన్ని తీసుకుందాం. సూర్యుడికీ భూమికీ మధ్య సగటు దూరమే దీనికి మూలం. కెప్లర్ మూడవ సూత్రం ప్రకారం, గ్రహం సూర్యుడి చుట్టూ తిరిగే కాలాన్ని ఏళ్లలో తీసుకుని దాన్ని వర్గం చేస్తే, దాని సగటు దూరాన్ని ఖగోళ ప్రమాణాలలో తీసుకుని ఘనం చేసినంత వస్తుంది. గురుగ్రహానికి 11.86 ఏళ్లు పడుతుంది. దాని వర్గం 140.7. ఏ సంఖ్యను ఘనం చేస్తే 140.7 వస్తుందని వెతికితే 5.2 దొరుకుతుంది. కాబట్టి గురుడు 5.2 ఖగోళ ప్రమాణాల దూరంలో ఉన్నాడు. ఈ లెక్కలో ఒక్క కిలోమీటరు కూడా లేదని గమనించండి. సౌరకుటుంబం పటాన్ని పదిహేడవ శతాబ్దంలోనే చక్కగా గీయగలిగారు గానీ, ఆ పటానికి స్కేలు ఎంతో మాత్రం ఎవరికీ సరిగా తెలియదు.

ఆ స్కేలు కోసమే 1761లో, 1769లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోతున్నప్పుడు పరిశీలకులు దూరదూర దేశాలకు ప్రయాణమయ్యారు. ఆ పరిశీలనలన్నింటినీ 1824లో జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎంకె తిరిగి లెక్కించినప్పుడు సూర్యుడి దూరం సుమారు 15.3 కోట్ల కిలోమీటర్లని తేలింది. అది అసలు విలువ కంటే రెండున్నర శాతం ఎక్కువ. సందేహాలు పూర్తిగా తొలగింది 1961లో, శుక్రుడి మీదకు రాడార్ తరంగాలను పంపి ప్రతిధ్వనిని అందుకున్న తరువాత. చివరికి 2012లో బీజింగ్‌లో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య ఖగోళ ప్రమాణం అంటే సరిగ్గా 14,959 కోట్ల 78 లక్షల 70 వేల 700 మీటర్లు అని స్థిరపరిచింది. అప్పటినుంచి అది కొలవవలసిన రాశి కాదు, నిర్వచనమే.

గ్రహాలు, తోకచుక్కలు, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు, కొత్త నక్షత్రాలను చుట్టుకుని ఉండే ధూళి పళ్లాలు, జంట నక్షత్రాల కక్ష్యలు ఇవన్నీ నేటికీ ఖగోళ ప్రమాణాలలోనే చెబుతారు. కారణం సులభం. కక్ష్య ఉన్నచోట కెప్లర్ సూత్రం ఉంటుంది. దూరాన్ని ఈ కొలమానంలో, కాలాన్ని ఏళ్లలో, ద్రవ్యరాశిని సూర్యుడితో పోల్చి రాస్తే ఆ సూత్రంలో మరే స్థిరాంకమూ అవసరం లేదు.

ఇక పార్సెక్. దీని గురించి కొంచెం ఎక్కువ సేపు మాట్లాడాలి. నిపుణులు ఎక్కువగా వాడేది, మామూలు పాఠకులు తక్కువగా ఎరిగినది ఇదే.

చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, తరువాత ఇంకో కన్ను మూసి చూస్తే వెనక ఉన్న గోడ మీద వేలు పక్కకు జరిగినట్లు కనిపిస్తుంది. ఈ జరుగుడునే పారలాక్స్ అంటారు. రెండు కళ్లకు బదులు, ఆరు నెలల తేడాతో భూమి ఉండే రెండు స్థానాలను ఊహించుకోండి. వేలికి బదులు ఒక దగ్గరి నక్షత్రాన్ని, గోడకు బదులు చాలా దూరాన ఉన్న మసక నక్షత్రాలను పెట్టండి. ఆ మొత్తం జరుగుడులో సగాన్ని ఆ నక్షత్రపు పారలాక్స్‌గా లెక్కిస్తారు. అంటే ఒక ఖగోళ ప్రమాణం పొడవున్న గీతను ఆ నక్షత్రం నుంచి చూస్తే ఎంత కోణంలో కనిపిస్తుందో అంత. ఆ కోణం ఒక ఆర్క్ సెకను అయితే దూరం ఒక పార్సెక్. అర సెకను అయితే రెండు పార్సెక్కులు. పదో వంతు అయితే పది పార్సెక్కులు. ఒకటిని ఆ కోణంతో భాగిస్తే చాలు.

ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బిళ్లను నాలుగు కిలోమీటర్ల దూరాన నిలబెడితే అది సుమారు ఇంత కోణంలో కనిపిస్తుంది. సూర్యుణ్ణి పక్కన పెడితే, పారలాక్స్ అంత ఉన్న నక్షత్రం ఆకాశంలో ఒక్కటీ లేదు. అన్నిటికంటే దగ్గరిదైన ప్రాక్సిమా సెంటారీ పారలాక్స్ కూడా 0.768 సెకన్లే.

ఈ కోణాన్ని నమ్మదగిన రీతిలో కొలిచి మొదట ప్రకటించినవాడు జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు బెసెల్. 1837, 1838 సంవత్సరాలలో సిగ్నస్ అనే హంస నక్షత్రమండలంలోని 61 సిగ్నీని రాత్రుల తరబడి చూశాడు. అది చాలా ప్రకాశవంతమైన నక్షత్రమేమీ కాదు, కంటికి మసకగా మాత్రమే కనిపిస్తుంది. అయినా ఏటా ఐదు ఆర్క్ సెకన్లకు పైగా ఆకాశంలో కదులుతుంది గనుక, మనకు దగ్గరిదై ఉంటుందని అతను భావించాడు. దాని పక్కనున్న రెండు మసక నక్షత్రాల నుంచి దాని ఎడం ఏడాది పొడవునా ఎలా పెరుగుతోందో, ఎలా తగ్గుతోందో, చిన్న కోణాలను కొలిచే హీలియోమీటరు అనే టెలిస్కోపుతో కొలిచాడు. ఫలితం 0.3136 ఆర్క్ సెకన్లు. ఈనాటి విలువ 0.286. తప్పు సుమారు పది శాతం. ఆనాటి పరికరాలతో అంత దగ్గరికి రావడం తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ దూరాన్ని బెసెల్ ఎలా రాశాడన్నది మన చర్చకు ముఖ్యం. భూకక్ష్య వ్యాసార్థానికి 6,57,700 రెట్లు అన్నాడు. చదివేవారికి ఊహకు అందడం కోసం, కాంతి అక్కడినుంచి రావడానికి 10.3 ఏళ్లు పడుతుందని కూడా అన్నాడు. అప్పటికి పార్సెక్ అనే మాట లేదు. కానీ ఆ సంఖ్యలో ఏముందో చూడండి. 2,06,265ను 0.3136తో భాగించారు, అంతే. అది కోణమే, తలకిందులుగా రాసిన కోణం. అదే దూరాన్ని అతను కిలోమీటర్లలో రాసి ఉంటే, ఎంకె ఇచ్చిన సూర్యదూరంలోని రెండున్నర శాతం తప్పు కూడా అందులోకి వచ్చి చేరేది. తరువాత సూర్యదూరాన్ని సవరించిన ప్రతిసారీ, ఆ నక్షత్రాన్ని ఎవరూ మళ్లీ చూడకపోయినా దాని దూరం మారిపోయేది. కోణం మాత్రం కోణంగానే ఉంటుంది, దాన్ని కొలిచినవాడి తప్పులు తప్ప మరొకరి తప్పులు దానికి అంటవు.

పార్సెక్ అనే పేరు 1913లో అచ్చులోకి వచ్చింది. ఇంత తరచుగా వాడే దూరానికి పేరు అవసరమని ఫ్రాంక్ డైసన్ రాస్తూ, పారలాక్స్, సెకను అనే రెండు మాటలను అతికి హెర్బర్ట్ టర్నర్ సూచించిన ఈ పేరును ప్రస్తావించాడు. పది లక్షల ఖగోళ ప్రమాణాలకు సిరియోమీటర్ అనే పేరు పెడదామని చార్లియర్ అన్నాడు గానీ అది నిలవలేదు. నిలవకపోవడానికి కారణం ఊహించవచ్చు. పది లక్షలు గుండ్రని సంఖ్యే, కానీ ఏ పరికరమూ దాన్ని నేరుగా చూపించదు.

పార్సెక్‌కు ఇంకో సుగుణం ఉంది, అది రోజువారీ పనిలో కనిపిస్తుంది. ఆకాశంలో రెండు బిందువుల మధ్య కోణాన్ని ఆర్క్ సెకన్లలో తీసుకుని, వాటి దూరాన్ని పార్సెక్కులలో తీసుకుని గుణిస్తే, ఆ రెండింటి మధ్య ఎడం నేరుగా ఖగోళ ప్రమాణాలలో వస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు, నిర్వచనంలోనే ఉంది. సిరియస్‌ను తీసుకుందాం. దాని చుట్టూ మసకగా ఉండే ఒక శ్వేత కుబ్జ నక్షత్రం తిరుగుతోంది. ఆ కక్ష్య సగటు వ్యాసార్థం 7.5 ఆర్క్ సెకన్లు. సిరియస్ పారలాక్స్ 0.379, అంటే దూరం 2.64 పార్సెక్కులు. 7.5ను 2.64తో గుణిస్తే 19.8 ఖగోళ ప్రమాణాలు, మన సూర్యుడి నుంచి యురేనస్ దూరం కంటే కొంచెం ఎక్కువ. ఒక చుట్టు తిరగడానికి ఆ జంటకు 50.1 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు కెప్లర్ సూత్రం. 19.8 ఘనం దాదాపు 7,760. 50.1 వర్గం 2,510. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3.1. ఆ రెండు నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి 3.1 సూర్యులంత అన్నమాట. ఒక నక్షత్రాన్ని తూకం వేయడానికి చిన్న కాగితం ముక్క సరిపోయింది. ఇదే లెక్కను కాంతి సంవత్సరాలలో చేసి చూడండి, మధ్యలో ఎన్ని గుణకాలు అడ్డుపడతాయో తెలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక కూడా ఈ లెక్కలోనే ఉంది. దూరాన్ని ఘనం చేశాం గనుక, పారలాక్స్‌లో ఒక శాతం తప్పు ఉంటే ద్రవ్యరాశిలో మూడు శాతం తప్పు వస్తుంది.

పారలాక్స్ ఎక్కడ మోసం చేస్తుందో చెప్పడానికి కృత్తికలను మించిన ఉదాహరణ లేదు. 1990ల తొలి ఏళ్లలో హిపార్కోస్ ఉపగ్రహం లక్షకు పైగా నక్షత్రాల పారలాక్స్‌లను కొలిచింది. దాని కొలతల ప్రకారం కృత్తికలు సుమారు 120 పార్సెక్కుల దూరంలో ఉన్నాయి. ఇతర పద్ధతులన్నీ 135 దగ్గర చూపుతున్నాయి. హిపార్కోస్ మాటే నిజమైతే, ఆ గుంపులోని నక్షత్రాలు అదే రకానికి చెందిన ఇతర నక్షత్రాల కంటే ఐదో వంతుకు పైగా మసకగా ఉండాలి, దానికి నక్షత్ర భౌతికశాస్త్రంలో సరైన కారణం దొరకలేదు. ఏళ్ల తరబడి వాదన సాగింది. 2014లో చాలా దూరదూరంగా ఉన్న రేడియో టెలిస్కోపులను జోడించి కొలిస్తే 136 పార్సెక్కులు వచ్చింది. తరువాత గయా ఉపగ్రహం కూడా దాదాపు 136 అనే చెప్పింది. హిపార్కోస్ కోణంలో తేడా ఎంత? ఆర్క్ సెకనులో వెయ్యో వంతు. మనం ఇందాక నిలబెట్టిన బిళ్లను నాలుగు వేల కిలోమీటర్ల దూరానికి తీసుకుపోతే ఎంత కోణంలో కనిపిస్తుందో అంత.

గయాకూ ఇలాంటి చిక్కు ఉంది. క్వేజార్లు అనే అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాలు ఎంత దూరంలో ఉన్నాయంటే వాటి పారలాక్స్ సున్నా కింద లెక్క. గయా మాత్రం వాటికి సగటున సున్నా కంటే ఒక ఆర్క్ సెకనులో పది లక్షల వంతులలో 17 వంతులు తక్కువ చూపించింది. తక్కెడలో ఏమీ పెట్టకుండానే ముల్లు కొంచెం పక్కకు నిలబడినట్లు. దగ్గరి నక్షత్రాలకు ఇది లెక్కలోకి రాదు. దూరపు నక్షత్రాలకు మాత్రం సవరించుకోవలసిందే. ఇంకొక సంగతి. ఒక నక్షత్రపు పారలాక్స్ 0.1 మిల్లీ ఆర్క్ సెకను అని, అందులో తప్పు ఇటు అటు 0.02 అని వచ్చిందనుకుందాం. దూరం పది వేల పార్సెక్కులని అంటాం. కానీ కోణం 0.12 అయితే దూరం 8,300, 0.08 అయితే 12,500. కోణంలో రెండువైపులా సమానంగా ఉన్న సందేహం, దూరంలోకి వచ్చేసరికి ఒకవైపు ఎక్కువై కూర్చుంటుంది. తప్పు ఇంకా పెరిగితే కొన్ని నక్షత్రాలకు రుణ పారలాక్స్ కూడా వస్తుంది, దాన్ని తిరగేస్తే అర్థం లేని దూరం వస్తుంది. అందుకే జాగ్రత్తగల పట్టికలలో మొదట దూరం కాక పారలాక్స్‌నే అచ్చు వేస్తారు.

పారలాక్స్ అందని దూరాలలో కూడా పార్సెక్ కొనసాగుతుంది. అక్కడి దూరాలకు పునాది దగ్గరి నక్షత్రాల పారలాక్స్‌లోనే ఉంది, పైగా నక్షత్రాల నిజ ప్రకాశాన్ని పోల్చడానికి పది పార్సెక్కుల దూరాన్నే ప్రామాణికంగా తీసుకున్నారు. గెలాక్సీల మధ్య దూరాలకు పది లక్షల పార్సెక్కుల మెగాపార్సెక్‌ను వాడతారు. విశ్వం వ్యాకోచించే వేగాన్ని కూడా మెగాపార్సెక్‌కు సెకనుకు సుమారు 70 కిలోమీటర్లు అనే రీతిలోనే చెబుతారు.

మరి కాంతి సంవత్సరం? ఇది కాలం కాదు, దూరమేనని చాలామందికి తెలుసు గనుక అక్కడ ఆగను. నిర్వచనంలో ఏ సంవత్సరాన్ని తీసుకున్నారో మాత్రం చెప్పాలి. సరిగ్గా 365.25 రోజుల జూలియన్ సంవత్సరం. జనం కోసం రాసేటప్పుడు శాస్త్రజ్ఞులు దీన్నే వాడతారు, అందుకు మంచి కారణమే ఉంది. ఆండ్రోమెడా గెలాక్సీ 780 కిలోపార్సెక్కుల దూరంలో ఉందంటే వినేవారికి ఏమీ తోచదు. 25 లక్షల కాంతి సంవత్సరాలంటే, ఇవాళ కంటిలో పడిన వెలుగు ఎప్పుడు బయలుదేరిందో వెంటనే తెలుస్తుంది.

చాలా దూరపు గెలాక్సీల దగ్గర ఇదే సుగుణం చిక్కు తెస్తుంది. జీఎన్-జెడ్11 అనే గెలాక్సీ కాంతి మన దాకా రావడానికి సుమారు 1,340 కోట్ల ఏళ్లు పట్టింది. అలాగని అది 1,340 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో లేదు. కాంతి ప్రయాణిస్తుండగానే మధ్యలోని అంతరాళం వ్యాకోచించింది గనుక, ఇప్పుడు ఆ దూరం సుమారు 3,200 కోట్ల కాంతి సంవత్సరాలు. వార్తలలో ఈ రెండు సంఖ్యలూ కలగలిసి కనిపిస్తుంటాయి. నిపుణులు ఈ గందరగోళంలోకి దిగకుండా, వర్ణపటంలో నేరుగా కొలిచిన ఎరుపు మరలును, అంటే కాంతి తరంగాలు ఎంత సాగి ఎరుపువైపు జరిగాయన్నదాన్ని, చెప్పి ఊరుకుంటారు.

అయితే కాంతి సంవత్సరం జనం కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు. గడియారమే స్కేలుగా మారే చోట నిపుణుడు కూడా దానివైపే మొగ్గుతాడు. 1987 ఫిబ్రవరిలో, మన పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మాజెలాన్ మేఘంలో ఒక నక్షత్రం పేలడం కనిపించింది. ఆ నక్షత్రం వేల ఏళ్ల క్రితమే వదిలిన వాయువు దాని చుట్టూ వలయంగా ఉంది. పేలుడు వెలుగు తగలగానే ఆ వలయం మెరిసింది. వలయం మన చూపుకు వాలుగా ఉన్నందున, మనవైపు అంచు నుంచి వెలుగు ముందుగానూ, అవతలి అంచు నుంచి ఆలస్యంగానూ వచ్చింది. ఐయూఈ అనే అతినీలలోహిత ఉపగ్రహం చూపినదాని ప్రకారం, పేలుడు కనిపించిన సుమారు 80 రోజులకు మెరుపు మొదలై, సుమారు 400 రోజులకు శిఖరం చేరింది. ఆ రెండింటి సగటు 240 రోజులు. వలయం వ్యాసార్థం 240 కాంతి రోజులు, అంటే కాంతి సంవత్సరంలో మూడింట రెండు వంతులు. ఇక్కడ దూరం గడియారం నుంచి నేరుగా వచ్చింది. ఆ రెండు ఆలస్యాల తేడా నుంచి వాలు కూడా 42 డిగ్రీల దగ్గర వస్తుంది. హబుల్ టెలిస్కోపు చిత్రంలో ఆ వలయం అండాకారంలో ఎంత నొక్కుకుపోయి కనిపిస్తుందో చూసి లెక్కించినా దాదాపు అంతే వస్తుంది. లెక్క దారి తప్పలేదనడానికి అదొక పరీక్ష.

ఇప్పుడు కాంతి రోజులను ఖగోళ ప్రమాణాలలోకి మార్చుదాం. కాంతి ఒక రోజులో 173 ఖగోళ ప్రమాణాలు పోతుంది. 240ని 173తో గుణిస్తే సుమారు 41,500. హబుల్ చిత్రంలో ఆ వలయం వ్యాసార్థం 0.81 ఆర్క్ సెకన్లు. ఇందాకటి సూత్రాన్నే తిరగేసి, ఖగోళ ప్రమాణాలను ఆర్క్ సెకన్లతో భాగిస్తే దూరం పార్సెక్కులలో వస్తుంది. 41,500ను 0.81తో భాగిస్తే సుమారు 51,000 పార్సెక్కులు. ఆ మేఘంలోని జంట నక్షత్రాల గ్రహణాలను పరిశీలించి 2019లో ప్రకటించిన దూరం 49,600 పార్సెక్కులు. రెండింటి మధ్య తేడా సుమారు మూడు శాతం. మెరుపు ఏ రోజున మొదలైందో, ఏ రోజున శిఖరానికి చేరిందో నిర్ణయించడంలో ఉన్న సందేహమే దాదాపు అంత ఉంటుంది.